ట్యాగ్ మీద రేటు, బిల్లులో పన్ను

చిన్న ఊళ్ల బట్టల బజారులో నడుస్తూ పోతే రెండు రకాల బోర్డులు కనిపిస్తాయి. ఒక దుకాణంలో "రేట్లన్నీ పన్నులతో కలిపి" అని ఉంటుంది. పక్కదాంట్లో గల్లాపెట్టె వెనక చిన్న అక్షరాలతో "జీఎస్టీ అదనం" అని ఉంటుంది. మొదటి చోట ట్యాగ్ మీద 999 ఉంటే ఇచ్చేది 999. రెండో చోట అదే 999కి బిల్లు కొట్టేసరికి దాదాపు 1,049 అవుతుంది. కొనేవాళ్లు ఓ క్షణం ట్యాగ్ వంకా ఓ క్షణం బిల్లు వంకా చూస్తారు. కొందరు గొణుక్కుంటూ ఇచ్చేస్తారు. కొందరు గొడవకు దిగుతారు.

రెండో దుకాణదారుణ్ని అడిగితే "పన్ను నాది కాదు కదండీ, ప్రభుత్వానిది. వాళ్లడిగింది వాళ్లకి వసూలు చేసి ఇస్తున్నాను" అంటాడు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ పన్నును ట్యాగ్‌లో కలపాలా, బిల్లులో చేర్చాలా అనేది అన్ని సరుకుల విషయంలో దుకాణదారుడి ఇష్టం కాదు. చాలా సరుకులకు ఆ నిర్ణయం చట్టం ముందే చేసేసింది.

ప్యాకెట్ మీద ఎం.ఆర్.పి. ఉందంటే అది పన్నులన్నీ కలిసిన గరిష్ఠ ధర. తూనికలు, కొలతల శాఖ అమలు చేసే 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల్లో ఈ మాట స్పష్టంగా ఉంది. సబ్బు, బిస్కెట్ ప్యాకెట్, టీ పొడి, షాంపూ ఏదైనా సరే, ఎం.ఆర్.పి. దాటి జీఎస్టీ పేరుతో ఒక్క రూపాయి కలిపినా తప్పే. బట్టలు ప్యాకెట్‌లో రావు కాబట్టి తమకు ఇది వర్తించదని రెడీమేడ్ దుకాణాల వాళ్లు కొందరు అనుకునేవారు. 2022లో ఆ నిబంధనలను సవరించి, హ్యాంగర్‌కు తగిలించి విడిగా అమ్మే దుస్తులకు కొన్ని వివరాలు రాయకుండా మినహాయింపు ఇచ్చారు. అయినా సైజుతో పాటు ఎం.ఆర్.పి. మాత్రం ఉండాల్సిందేనన్నారు. కాబట్టి కుర్తీకి కట్టిన ట్యాగ్ మీద ఎం.ఆర్.పి. 999 అని ఉంటే, గల్లా వెనక ఏ బోర్డు పెట్టినా కొనేవాళ్లు ఇవ్వాల్సింది 999కి మించకూడదు.

ఇక్కడే ఒక తెలివైన వాదన వస్తుంది. ఎం.ఆర్.పి. వెయ్యి రూపాయలు, నలభై శాతం తగ్గింపు, చేతికొచ్చే ధర 600, దాని మీద పన్ను. అంతా కలిపినా వెయ్యి దాటలేదు, ఇంక తప్పేముంది? ఒక పేరున్న బ్రాండ్ దుకాణం ఇలాగే "ఫ్లాట్ 40 శాతం" అని ప్రకటన ఇచ్చి, తగ్గించిన ధర మీద అప్పటి వ్యాట్ వసూలు చేసింది. ఆ కేసు జాతీయ వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లింది. 2017 జనవరిలో కమిషన్ కొనుగోలుదారుడి పక్షాన నిలిచింది. ఎం.ఆర్.పి.లోనే పన్ను ఉన్నప్పుడు దాని మీద ఇచ్చిన తగ్గింపు పన్నుకూ వర్తిస్తుంది. నలభై శాతమని చెప్పి తర్వాత పన్ను కలిపితే తగ్గింపు నలభై శాతం కాకుండా పోతుంది, జనం మోసపోతారు అన్నది అక్కడ తేలిన విషయం. ఆ ఏడాది జూలై 1న వ్యాట్ పోయి జీఎస్టీ వచ్చింది. పన్ను పేరు మారింది కానీ ఎం.ఆర్.పి. అర్థం మారలేదు.

మరి "అదనం" అనడానికి చోటెక్కడుంది? ఎం.ఆర్.పి. ముద్ర లేని చోట. తానులోంచి కొలిచి కోసిచ్చే గుడ్డ, తూచి ఇచ్చే మిఠాయి, హోటల్లో ప్లేటు ఇడ్లీ, కొలతలు తీసుకుని కుట్టించే డ్రెస్సు, తూకానికి అమ్మే నగ. నగల దుకాణంలో బంగారం విలువ, తరుగు, మజూరీ అన్నీ వేసి చివర మూడు శాతం జీఎస్టీ కలపడం మనకు అలవాటైపోయింది. పొద్దుటికి సాయంత్రానికి ధర మారే సరుకు కనుక అది అలాగే సాగుతోంది. హార్డ్‌వేర్ దుకాణంలో పైపులకూ వైర్లకూ "ప్లస్ జీఎస్టీ" అని చెప్పడానికి వేరే కారణం ఉంది. అక్కడ కొనేవాళ్లలో సగం మంది కాంట్రాక్టర్లు, వ్యాపారులు. వాళ్లు కట్టిన పన్ను తర్వాత వాళ్ల లెక్కలో జమ అవుతుంది. అందుకే వాళ్లకు కావాల్సింది పన్ను లేని అసలు ధరే, దాన్ని బట్టే రెండు దుకాణాల రేట్లు పోల్చుకుంటారు. ఇంటికోసం చొక్కా కొనే మనిషికి అలా జమయ్యేదేమీ లేదు. జేబులోంచి ఎంత పోతుందన్నదే అతనికి ధర.

ఇంకో తరహా దుకాణాలున్నాయి. వాటికి జీఎస్టీ కలిపే హక్కే లేదు. ఏడాది అమ్మకాలు కోటిన్నర లోపున్న వ్యాపారి కాంపోజిషన్ పథకంలో చేరితే, అమ్మకాల మీద ఒక్క శాతం తన జేబులోంచి కట్టేస్తాడు. కొనేవాళ్ల దగ్గర పన్ను వసూలు చేయకూడదు. అతను ఇచ్చేదాన్ని ట్యాక్స్ ఇన్‌వాయిస్ అనరు, బిల్ ఆఫ్ సప్లై అంటారు. తాను కాంపోజిషన్ డీలరునని, పన్ను వసూలు చేసే అర్హత లేదని దాని పైనే రాయాలి, దుకాణం బోర్డు మీద కూడా కాంపోజిషన్ అని పెట్టాలి. సరుకుల అమ్మకం ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటేదాకా సాధారణంగా రిజిస్ట్రేషనే అక్కర్లేదు. ఆ నంబరు లేని దుకాణం పన్ను పేరెత్తడమే నిషేధం. అనుమానం వస్తే బిల్లు మీది పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూస్తే అది మామూలు రిజిస్ట్రేషనో కాంపోజిషనో తెలిసిపోతుంది. ఆంధ్రప్రదేశ్ నంబర్లు 37తో, తెలంగాణవి 36తో మొదలవుతాయి. కాంపోజిషన్ హోటల్ బిల్లులో అయిదు శాతం జీఎస్టీ అని ఒక వరుస కనిపిస్తే ఆ డబ్బు ప్రభుత్వానికి పోతుందని నమ్మడానికి వీల్లేదు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. మామూలు రిజిస్ట్రేషన్ ఉన్న ఒక చిన్న రెడీమేడ్ దుకాణం అనుకుందాం. యజమాని హోల్‌సేల్‌లో ఒక కుర్తీని 700కు తెచ్చాడు, దాని మీద అయిదు శాతం పన్ను 35, మొత్తం 735 కట్టాడు. దాన్ని పన్నుతో కలిపి 999కి ట్యాగ్ వేశాడు. ఈ 999లో పన్ను ఎంత?

చాలామంది వెంటనే 999లో అయిదు శాతం అంటారు. అంటే 49 రూపాయల 95 పైసలు. తప్పు. పన్ను పడేది అసలు ధర మీద, 999 అసలు ధర కాదు. అసలు ధర వంద అయితే పన్ను అయిదు, ట్యాగ్ 105. కాబట్టి ట్యాగ్ రేటును 105తో భాగించి వందతో గుణిస్తే అసలు ధర వస్తుంది. ఇక్కడ అది 951.43, పన్ను 47.57. జీఎస్టీ నిబంధనల్లో ముప్పై అయిదోది చెప్పేది ఇదే: పన్నుతో కలిపిన విలువను పన్ను రేటుతో గుణించి, వందకు పన్ను రేటు కలిపిన అంకెతో భాగించాలి. పద్దెనిమిది శాతం సరుకైతే 118తో భాగించాలి.

తేడా కుర్తీకి రెండు రూపాయల చిల్లరే కదా అనిపిస్తుంది. పద్దెనిమిది శాతం డ్రెస్సు చూడండి. ట్యాగ్ 3,540. 118తో భాగిస్తే అసలు ధర 3,000, పన్ను 540. అదే 3,540లో నేరుగా పద్దెనిమిది శాతం తీస్తే 637 రూపాయల 20 పైసలు. ఒక్క డ్రెస్సు మీద 97 రూపాయలు అనవసరంగా ఖజానాకు పోతున్నట్టు. చేతిరాత బిల్లులు రాసే దుకాణాల్లో ఈ పొరపాటును పట్టుకోవడం తేలిక. అసలు ధర మీద మళ్లీ పన్ను వేసి చూడాలి. 951.43కు అయిదు శాతం కలిపితే 999 దగ్గరకు చక్కగా తిరిగొస్తుంది. 999లోంచి అయిదు శాతం తీసేసి 949.05 అసలు ధర అని రాసుకుంటే, దానికి అయిదు శాతం కలిపినప్పుడు 996.50 దగ్గరే ఆగిపోతుంది. ట్యాగ్‌కూ బిల్లుకూ మధ్య ఆ రెండున్నర రూపాయలు పూడ్చడానికి రౌండాఫ్ అనే వరుస ఉపయోగపడుతోందంటే లెక్క ఎక్కడో తప్పినట్టే. రౌండాఫ్ ఉన్నది పైసల కోసం.

లాభం లెక్క కూడా ఇక్కడే దారి తప్పుతుంది. 999కి అమ్మాను, 735కి కొన్నాను, 264 మిగిలింది అనుకుంటాడు యజమాని. నిజానికి అతను వసూలు చేసిన 47.57లో, కొన్నప్పుడు కట్టిన 35 జమ పోగా 12.57 ఇంకా కట్టాలి. మిగిలేది 251.43. పన్ను లేని అమ్మకం ధరలోంచి పన్ను లేని కొనుగోలు ధర తీసేసినా అదే వస్తుంది: 951.43లోంచి 700. పన్నుతో కలిపి అమ్మే దుకాణదారుడు ట్యాగ్ మీద పన్నుతో ఆలోచించినా, ఇంటి పద్దు మాత్రం పన్ను లేకుండా రాసుకోవాలి. నెలాఖరుకు గల్లాలో డబ్బు కనబడి, పన్ను గడువు ఇరవయ్యో తేదీ దగ్గరపడేసరికి అది కనబడకపోవడానికి మూలం చాలాచోట్ల ఈ 264కీ 251కీ ఉన్న తేడాయే. (ఇదే కుర్తీని కాంపోజిషన్ వ్యాపారి అమ్మితే అతనికి 35 జమ రాదు, ఒక శాతం కింద 9.99 కడతాడు, 254 మిగులుతుంది. రెండూ దాదాపు ఒకటే కావడం ఈ అంకెల చలవ. కొన్న ధర మారితే తూకం మారుతుంది.)

బిల్లింగ్ మిషన్లూ సాఫ్ట్‌వేర్లూ వచ్చాక ఈ భాగహారాలు ఎవరూ చేయనక్కర్లేదు. కానీ ఆ మిషన్‌కు ఒక సంగతి చెప్పాలి: నేను కొట్టే రేటు పన్నుతో కలిపినదా, కలపనిదా? ఒక్కో సరుకుకు విడిగా ఇది ఎంచుకోవాలి. కొత్త స్టాకు ఎక్కించేటప్పుడు కుర్రాడు ఆ గడి మర్చిపోతే, 999 ట్యాగ్ కుర్తీకి మిషన్ మళ్లీ అయిదు శాతం కలిపి 1,048.95 బిల్లు ఇస్తుంది. కొనేవాళ్లు పట్టుకుంటే గొడవ, పట్టుకోకపోతే ఎం.ఆర్.పి. మించి వసూలు చేసిన నేరం. కొత్త సరుకు ఎక్కించిన ప్రతిసారీ ఒక ఉత్తుత్తి బిల్లు కొట్టి, చివరి అంకె ట్యాగ్‌తో సరిపోయిందో లేదో చూసుకుంటే చాలు. పన్ను కలిపి అమ్మినంత మాత్రాన బిల్లులో దాన్ని దాచేయకూడదు. జీఎస్టీ చట్టంలోని 33వ సెక్షన్ ప్రకారం ధరలో పన్ను ఎంతుందో ఇన్‌వాయిస్‌లో కనబడేలా రాయాలి. అంటే ట్యాగ్ మీద ఒకే అంకె, బిల్లులో మాత్రం అసలు ధర, కేంద్ర పన్ను, రాష్ట్ర పన్ను విడివిడిగా.

ఇంత ఉన్నా "అదనం" అనే బోర్డు మీద మోజు ఎందుకు పోదు? చిన్న అంకె గిరాకీని లాగుతుందని. ఇది వట్టి నమ్మకమేమీ కాదు. అమెరికాలో దుకాణాల ట్యాగ్ మీద అమ్మకం పన్ను ఉండదు, కౌంటర్ దగ్గర కలుపుతారు. ఆ రేటు రాష్ట్రానికో తీరు, ఊరికో తీరు. డల్లాస్‌లో 8.25 శాతం, ఒరెగాన్ రాష్ట్రంలో అసలు లేదు. ఇక్కణ్ణుంచి కొత్తగా వెళ్లిన విద్యార్థులు మొదటి వారంలో డాలర్లు లెక్కపెట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లి, ఒక వస్తువు పక్కన పెట్టేయడం మామూలే. రాజ్ చెట్టి, ఆడమ్ లూనీ, కోరీ క్రాఫ్ట్ అనే ఆర్థికవేత్తలు ఉత్తర కాలిఫోర్నియాలోని ఒక పెద్ద కిరాణా దుకాణంలో దీన్ని పరీక్షించారు. 2009లో అచ్చయిన ఆ పరిశోధన కోసం మూడు వారాల పాటు సుమారు 750 రకాల సౌందర్య సాధనాల ట్యాగ్‌ల కింద పన్నుతో కలిపిన ధర కూడా రాసి పెట్టారు. అక్కడ పన్ను 7.375 శాతం. కొనేవాళ్లు చివరికి ఇచ్చే డబ్బు మునుపటిదే, పన్ను ఉందన్న సంగతీ వాళ్లకు ముందే తెలుసు. అయినా ఆ సరుకుల అమ్మకాలు దాదాపు ఎనిమిది శాతం పడిపోయాయి. తెలిసిన పన్ను వేరు, కళ్లెదుట కనిపించే పన్ను వేరు అన్నమాట.

అయితే ఆ ఫలితాన్ని తెచ్చి మన బజారుకు అంటించడం కుదరదు. అక్కడ దుకాణాలన్నీ ఒకే పద్ధతి. ఇక్కడ పక్క దుకాణం 999కే ఇస్తుంటే మనం 999 ప్లస్ అనడం ఆ పూటకు పనికొస్తుందేమో, రెండోసారి ఆ గిరాకీ రాదు. అంతకన్నా పెద్ద చిక్కు బేరం. పన్ను బిల్లులో విడిగా నిలబడగానే కొనేవాళ్ల కంట్లో అది బేరమాడదగిన వస్తువు అయిపోతుంది. "బిల్లు వద్దులెండి, జీఎస్టీ తీసేయండి" అనే మాట మన బజారులో వినని దుకాణం ఉండదు. దుకాణదారుడు సరే అన్నాడంటే అది కచ్చా బిల్లు వ్యాపారం. ఆ కుర్తీ కొన్నట్టు అతని పుస్తకాల్లో ఉంటుంది, అమ్మినట్టు ఉండదు, స్టాకు లెక్క తేలదు. తనిఖీలో ఆ తేడాకు జవాబు చెప్పుకోవాల్సింది అతనే. కొన్నవాళ్ల దగ్గరా, కుట్టు ఊడితే తిరిగి తేవడానికి కాగితం ఉండదు. ట్యాగ్ మీద పన్నుతో కలిపిన ఒకే అంకె ఉంటే ఈ సంభాషణ మొదలవడమే కష్టం. బేరం జరిగితే ధర మీద జరుగుతుంది, పన్ను మీద కాదు. చిన్న దుకాణం పన్ను కలిపే రేటు పెట్టడానికి నాకు కనిపించే గట్టి కారణం చట్టం కన్నా కూడా ఇదే.

కానీ బట్టల దుకాణంలో, చెప్పుల దుకాణంలో ఆ ఒక్క అంకె ఎంచుకోవడంలో కొత్త ఇబ్బంది ఒకటి వచ్చి పడింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెడీమేడ్ దుస్తులకు ఒక్కో దానికి అమ్మకం విలువ 2,500 వరకు అయిదు శాతం, దాటితే పద్దెనిమిది శాతం. చెప్పులకు జతకు అదే లెక్క. ఈ 2,500 పన్ను కలపని విలువ. పన్ను బిల్లులో కలిపే దుకాణంలో దీన్ని చూడటం సులభం: 2,500 డ్రెస్సుకు 125 పన్ను, మొత్తం 2,625. 2,501 అయితే పన్ను 450 పైచిలుకు, మొత్తం 2,951. ఒక్క రూపాయి పెరిగితే బిల్లు 326 ఎగిరింది.

పన్ను కలిపి ట్యాగ్ వేసే దుకాణం వైపు నుంచి చూస్తే ఇది ఇంకా విచిత్రం. ట్యాగ్ 2,699 అనుకోండి. అందులో పన్ను అయిదు శాతం అనుకుంటే 105తో భాగించాలి, అసలు విలువ 2,570 వస్తుంది. అది 2,500 దాటింది కాబట్టి అయిదు శాతం చెల్లదు. సరే, పద్దెనిమిది అనుకుని 118తో భాగిస్తే 2,287 వస్తుంది. అది 2,500 లోపే ఉంది కాబట్టి పద్దెనిమిది చెల్లదు. ఏ రేటు పెట్టినా ఆ రేటుకు తగిన విలువ రావడం లేదు. 2,625 దాటి 2,950 దాకా ఉన్న ప్రతి ట్యాగ్‌కూ ఇదే గతి. బట్టల వ్యాపారానికి ఎంతో ఇష్టమైన 2,699, 2,799, 2,899 మూడూ సరిగ్గా ఆ గోతిలోనే ఉన్నాయి. వెయ్యి రూపాయల దగ్గర గీత ఉన్న పాత రోజుల్లో కూడా ఈ గొయ్యి ఉండేది. అప్పుడది 1,050కీ 1,120కీ మధ్య డెబ్బై రూపాయల వెడల్పు కాబట్టి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడది మూడు వందల పాతిక.

సాఫ్ట్‌వేర్ ఇందులో సాయం చేయదు. సరుకుకు ఏ రేటు ఎక్కించారో దానితోనే భాగించి బిల్లు ఇచ్చేస్తుంది, సరైనదో కాదో అడగదు. అందుకే ట్యాగ్ వేసే దగ్గరే ఆ మధ్య అంకెల్ని వదిలేయడం క్షేమం. 2,625 గానీ అంతకు తక్కువ గానీ, లేదంటే 2,951 గానీ అంతకు ఎక్కువ గానీ.

బేరంలో ఏం జరుగుతుందో చూడండి. ట్యాగ్ 2,999 ఉన్న డ్రెస్సు. పద్దెనిమిది శాతం పన్ను పోగా దుకాణానికి దక్కేది 2,541.53. "అక్కా, రెండువేల ఎనిమిది వందలకు ఇచ్చెయ్యి" అంది వచ్చినామె. కౌంటర్లో కూర్చున్నామె అంతకు ఒప్పుకుంటే గోతిలో పడ్డట్టే. దానికి బదులు ఇంకా కిందికి దిగి 2,625కు ఇచ్చేస్తే? అసలు విలువ సరిగ్గా 2,500, పన్ను అయిదు శాతం. కొన్నామెకు 374 రూపాయలు కలిసొచ్చాయి. దుకాణం వదులుకున్నది 41 రూపాయల 53 పైసలు. మిగతాది తగ్గిన పన్నే. అదే ఆమె పట్టుదలతో 2,951 దగ్గర ఆగి ఉంటే దుకాణానికి దక్కేది 2,500.85. అంటే 2,951కి అమ్మినా 2,625కి అమ్మినా దుకాణానికి ఎనభై అయిదు పైసలే తేడా, కొనేవాళ్లకు మాత్రం 326 రూపాయల తేడా. 2,951కీ మూడువేల యాభైకీ మధ్య ట్యాగ్ వేసి కూర్చోవడంలో అర్థం లేదని ఈ లెక్క తెలిసిన వ్యాపారులకు అనిపించక మానదు. ఇలా తగ్గించడం చట్టానికి విరుద్ధం కాదు. అమ్మే సమయంలో ఇచ్చిన తగ్గింపును అదే బిల్లులో చూపిస్తే పన్ను ఆ తగ్గిన విలువ మీదే పడుతుంది. బిల్లులో 2,999 రాసి, 374 నోటితో తగ్గిస్తే మాత్రం ఈ వెసులుబాటు ఉండదు.

పన్ను కలిపిన ట్యాగ్‌కు ఒక లోపం ఉంది, దాన్నీ చెప్పుకోవాలి. రేటు మారిన రోజున అది నిజం దాచగలదు. 2025 సెప్టెంబర్‌కు ముందు వెయ్యి దాటిన దుస్తులకు పన్నెండు శాతం ఉండేది. అప్పుడు 1,680 ట్యాగ్ ఉన్న చొక్కాలో అసలు ధర 1,500, పన్ను 180. పన్ను అయిదుకు దిగాక అది 1,575 కావాలి. దుకాణదారుడు ట్యాగ్ మార్చకుండా 1,680కే అమ్మితే పన్ను 80, అతనికి దక్కేది 1,600. వంద రూపాయలు ఎవరికీ కనబడకుండా చేయి మారాయి. కౌంటర్ దగ్గర పన్ను కలిపే దుకాణంలో అలా కుదరదు. ట్యాగ్ మీది 1,500 అలాగే ఉంటుంది, బిల్లులో పన్ను తనంతట తానే తగ్గుతుంది. మరోవైపు, రేటు పెరిగినప్పుడు దెబ్బ తగిలేది కూడా పన్ను కలిపి అమ్మేవాడికే. 3,360 ట్యాగ్ ఉన్న డ్రెస్సులో పన్నెండు శాతం పోను మూడు వేలు వచ్చేది. పద్దెనిమిది అయ్యాక అదే ట్యాగ్‌కు అమ్మితే వచ్చేది 2,847. ట్యాగులన్నీ విప్పి మార్చేదాకా ప్రతి డ్రెస్సు మీద నూట యాభై రెండు రూపాయలు అతనే భరించాలి.

కొనేవాళ్లు దీన్ని పట్టుకోవడానికి ఒకటే దారి, పాత బిల్లు. ఇంట్లో 2025 వేసవిలో కొన్న చొక్కా బిల్లు ఉంటే, పన్ను వేయని అసలు ధర వరుసను కొత్త బిల్లుతో పోల్చి చూడొచ్చు. మొత్తం అంకె అదే ఉండి, అసలు ధర మాత్రం నిండుగా నూరు రూపాయలు పెరిగి ఉంటే, హోల్‌సేల్ ధర పెరిగిందా అని దుకాణదారుణ్ని అడగడానికి కావాల్సిన ఆధారం మీ చేతిలో ఉన్నట్టే.